అవతలి సర్వీసు పడిపోతే జాబును ఎక్కడ ఆపాలి: నాలుగు పద్ధతుల పోలిక

మా ఆఫీసు బరంపురంలో ఉంది. గంజాం, గజపతి జిల్లాల్లో జీడిపిక్కలు కొనే టోకు వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని మేమే నడుపుతాం. పగలంతా తూకాలు నమోదవుతాయి. రాత్రి ఎనిమిదింటికి ఒక జాబు, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రాం, మొదలై, ఆ రోజు పిక్కలు తెచ్చిన రైతులందరి ఖాతాలకూ వరుసగా డబ్బు పంపుతుంది. నిజానికి డబ్బు పంపేది మేము కాదు. బ్యాంకు బదిలీలు చేసిపెట్టే ఒక బయటి సర్వీసును మా జాబు ఒక్కొక్క రైతు పేరు మీద పిలుస్తుంది. ఆ సర్వీసు పలకకపోతే జాబు ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి, మళ్ళీ ఎలా కదలాలి అన్న ప్రశ్నకు మేము నాలుగు పద్ధతులను చూశాం. వాటిలో రెండింటిని వాడి దెబ్బతిన్నాం. ఇలాంటి జాబును నడిపేవారు తమకు ఏది తగినదో తేల్చుకోవడానికి పనికివస్తుందని ఆ పోలికను వివరంగా రాస్తున్నాను.

మొదటి పద్ధతిలో బ్రేకర్, అంటే విఫలమవుతున్న పిలుపులను తెంచే ఏర్పాటు, ఉండనే ఉండదు. పిలుపు విఫలమైతే కాసేపు ఆగి మళ్ళీ పిలవడం, అదీ విఫలమైతే అంతకు రెట్టింపు సేపు ఆగి పిలవడం, అంతే. అవతలి సర్వీసు పది సెకన్లో ఇరవై సెకన్లో తడబడి లేచే రకమైతే ఇది చాలు, ఇంతకంటే ఎక్కువ కట్టడం వృథా. అంతరాయం అరగంట సాగినప్పుడు దీని లోపం బయటపడుతుంది. ప్రతి పనీ, అంటే ఒక్కొక్క రైతు చెల్లింపూ, తన మళ్ళీ ప్రయత్నాలను విడివిడిగా లెక్కపెట్టుకుంటుంది కాబట్టి, మొదటి పని నేర్చుకున్న సంగతి రెండో పనికి తెలియదు. వరుసలో ఆరు వందల పనులు ఉంటే అవన్నీ ఒకదాని తరువాత ఒకటిగా అదే తలుపు తట్టి, ముప్పై సెకన్ల చొప్పున ఎదురుచూసి, వెనక్కి తిరుగుతాయి.

రెండో పద్ధతి లైబ్రరీలో దొరికే సర్క్యూట్ బ్రేకర్. ఇంట్లోని ఎంసీబీ లాగే దీనికీ రెండు స్థితులు ఉంటాయి. క్లోజ్డ్ అంటే పిలుపులు సాగుతున్నాయని, ఓపెన్ అంటే తెగిపోయిందని అర్థం. ఎంసీబీని మనిషి వెళ్ళి పైకి లేపాలి, ఇది మాత్రం నిర్ణీత సమయం గడిచాక హాఫ్ ఓపెన్ అనే మూడో స్థితికి వచ్చి, ఒక పిలుపును పరీక్షగా పంపి చూసుకుంటుంది. మా జాబు పైథాన్‌లో, పనులను వరుసలో పెట్టి నడిపే సెలరీ మీద నడిచేది కాబట్టి పైబ్రేకర్ అనే లైబ్రరీని పెట్టి, దాని డిఫాల్టు విలువలనే ఉంచాం. అంటే `fail_max` 5, `reset_timeout` 60 సెకన్లు. వరుసగా ఐదు పిలుపులు విఫలమైతే తెగుతుంది, నిమిషం తరువాత ఒకసారి పరీక్షిస్తుంది. చూడటానికి అంతా సరిగ్గానే ఉంది.

కిందటి సీజన్‌లో ఒక రాత్రి 640 చెల్లింపులు వరుసలో ఉండగా, 212 పూర్తయ్యాక అవతలి సర్వీసు జవాబు ఇవ్వడం మానేసింది. వరుసలోని పనులను తీసుకుని చేసేందుకు మాకు నాలుగు వర్కర్ ప్రాసెస్‌లు ఉన్నాయి. పైబ్రేకర్ తన లెక్కను మామూలుగా ఆ ప్రాసెస్ మెమరీలోనే ఉంచుకుంటుంది, అంటే మా దగ్గర ఉన్నది ఒక బ్రేకర్ కాదు, ఒకదానికొకటి తెలియని నాలుగు బ్రేకర్లు. ఒక్కొక్కటి ఐదేసి వైఫల్యాలు చూస్తేగానీ తెగలేదు కాబట్టి, మొత్తం ఇరవై పిలుపులు ముప్పై సెకన్ల గడువు దాటి విఫలమయ్యాయి. అప్పటికి రెండున్నర నిమిషాలు గడిచాయి. ఇంతవరకు పెద్ద నష్టమేమీ లేదు.

అసలు నష్టం బ్రేకర్లు తెగిన తరువాత మొదలైంది. బ్రేకర్ తెగి ఉంటే పిలుపు బయటికి పోదు, మిల్లీసెకన్లలో ఎర్రర్‌గా వెనక్కి వస్తుంది. వెబ్ పేజీ ముందు కూర్చున్న మనిషికి ఇది మేలు, ఎందుకంటే ముప్పై సెకన్లు చూడకుండా వెంటనే సంగతి తెలుస్తుంది. వరుసలో నిలబడిన పనికి మాత్రం ఇది కీడు. ఒక పని అంత త్వరగా విఫలమైతే వర్కర్ వెంటనే తరువాతి పనిని తీసుకుంటుంది, అదీ విఫలమవుతుంది. మిగిలిన 408 పనులు కొన్ని సెకన్లలో మొదటి ప్రయత్నాన్ని పోగొట్టుకున్నాయి. సెలరీలో మేము మార్చకుండా ఉంచిన విలువల ప్రకారం మూడు మళ్ళీ ప్రయత్నాలు, వాటి మధ్య 180 సెకన్ల విరామం ఉంటాయి. ప్రతి విడతలోనూ ఒక్కొక్క ప్రాసెస్ ఒక పనిని పరీక్షగా పంపేది, అది గడువు దాటేది, మిగిలినవన్నీ బయటికి పోకుండానే విఫలమయ్యేవి. దాదాపు పన్నెండు నిమిషాలకు వరుస ఖాళీ అయింది. సర్వీసు యాభై నిమిషాల తరువాత లేచినప్పుడు పంపడానికి మా దగ్గర పని ఏదీ మిగల్లేదు, 428 మంది రైతులు «విఫలం» అన్న జాబితాలో ఉన్నారు. అందులో ఎక్కువమంది విషయంలో మేము ఒక్కసారి కూడా నిజంగా ప్రయత్నించలేదు.

మర్నాడు పొద్దున్న మా కుర్రాడు ఆ జాబితా మొత్తాన్ని మళ్ళీ పంపే బటన్ నొక్కాడు. తప్పు అతనిది కాదు, ఆ బటన్ ప్రతి చెల్లింపుకూ కొత్త రెఫరెన్సు నంబరు పుట్టించేలా మేమే రాశాం. పదకొండు గంటలకు ఒక వ్యాపారి గుమాస్తా గారు ఫోన్ చేసి, «బాబూ, మా మనిషికి రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి డబ్బు పడిందట, పాసుపుస్తకం పట్టుకొచ్చి చూపిస్తున్నాడు, మిగతావాళ్ళ సంగతి చూడండి» అన్నారు. చూస్తే అలాంటివారు తొమ్మిది మంది. రాత్రి గడువు దాటాయని మేము విఫలంగా రాసుకున్న పిలుపుల్లో తొమ్మిది అవతలి వైపు చేరి, పూర్తయ్యాయి. మాకు జవాబు ఒక్కటే రాలేదు. ఆ సొమ్మును తరువాతి తూకాల్లో మినహాయించుకోవడానికి వ్యాపారికి మూడు వారాలు పట్టింది, ఒక్కొక్క రైతుకు ఎందుకు తగ్గించారో చెప్పుకోవలసి వచ్చింది. తాను చేయని పొరపాటుకు రైతు సంజాయిషీ వినవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

జాబుకు కావలసింది పనిని త్వరగా విఫలం చేసే బ్రేకర్ కాదు, పనిని తీసుకోకుండా ఆపే బ్రేకర్ అని అప్పుడు అర్థమైంది. మిగతా రెండు పద్ధతులు ఆ దారిలోవే.

మూడో పద్ధతి వరుసనే ఆపివేయడం. సందేశాల బ్రోకర్ నుంచి వర్కర్లు పని తీసుకోవడం మానేస్తాయి, పనులు బ్రోకర్ దగ్గరే భద్రంగా ఉంటాయి. ఒక వరుస మొత్తం ఒకే అవతలి సర్వీసుకు వెళ్ళేదైతే ఇది చక్కని పద్ధతి. అయితే ప్రతి సాధనానికీ ఒక మెలిక ఉంది, అది తెలియకుండా దిగకూడదు. సెలరీలో `cancel_consumer` ఆదేశం ఇచ్చినా, వర్కర్ ముందుగానే తెచ్చి పెట్టుకున్న పనులు ఆగవు. డిఫాల్టుగా ప్రాసెస్‌కు నాలుగు చొప్పున, అంటే మా నాలుగు ప్రాసెస్‌లకు పదహారు పనులు అప్పటికే చేతిలో ఉంటాయి. కాఫ్కా అనే బ్రోకర్‌లో `pause()` పిలిచాక కూడా `poll()` పిలుస్తూనే ఉండాలి. ఐదు నిమిషాలు పిలవకపోతే ఆ కన్స్యూమర్ చనిపోయిందనుకుని కాఫ్కా దాని భాగాన్ని మరొకరికి అప్పగిస్తుంది, ఆ మరొకరు ఆగి ఉండరు. అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్‌లో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. అక్కడ సందేశాన్ని తీసుకుని, బ్రేకర్ తెగి ఉందని చూసి వదిలేసినా, తీసుకున్నట్టుగానే లెక్క పెరుగుతుంది. ఆ లెక్క `maxReceiveCount` దాటగానే మంచి సందేశం కూడా పాడైన సందేశాల వరుసలోకి పోతుంది. అందువల్ల ఎస్‌క్యూఎస్ వాడేవారు సందేశాన్ని తీసుకోవడానికి ముందే బ్రేకర్‌ను చూడాలి.

నాలుగో పద్ధతి మేము ఇప్పుడు వాడుతున్నది. బ్రేకర్ స్థితిని డేటాబేసు పట్టికలో ఒకే ఒక అడ్డువరుసగా ఉంచి, అన్ని వర్కర్లూ దాన్నే చూసేలా చేయడం, పైగా పనిని తీసుకునే ఎస్‌క్యూఎల్ ప్రశ్నలోనే ఆ తనిఖీని కలిపివేయడం. పోస్ట్‌గ్రెస్‌లో అది ఇలా ఉంటుంది:

```sql
UPDATE payouts SET state = 'sending', claimed_at = now()
WHERE id = (
  SELECT p.id FROM payouts p
  JOIN breaker b ON b.service = 'transfer'
  WHERE p.state = 'ready' AND b.state = 'closed'
  ORDER BY p.id LIMIT 1
  FOR UPDATE OF p SKIP LOCKED)
RETURNING id, ref;
```

బ్రేకర్ తెగి ఉంటే ఈ ప్రశ్నకు ఏ వరుసా రాదు, వర్కర్‌కు పని లేనట్టే కనిపిస్తుంది. అది పది సెకన్లు ఆగి మళ్ళీ అడుగుతుంది. `ready` స్థితిలో ఉన్న చెల్లింపులు కదలవు, వాటి ప్రయత్నాల లెక్క తగ్గదు. అంతరాయం పది నిమిషాలు సాగినా పది గంటలు సాగినా జాబితా అలాగే ఉంటుంది. దీనికి అయ్యే ఖర్చు ప్రతి పనికీ డేటాబేసును అడగడం. రోజుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల పనుల వరకు ఆ భారం లెక్కలోకి రాదు. సెకనుకు వేల సందేశాలు వచ్చే చోట మాత్రం ఇది తగదు. అక్కడ మూడో పద్ధతిని ఎంచుకుని, స్థితిని రెడిస్‌లో ఉంచుకోవడం మంచిది.

బ్రేకర్ ఎప్పుడు తెగాలన్నది లైబ్రరీ డిఫాల్టుకు వదలకూడదు, ఎందుకంటే ఆ విలువలు వెబ్ రద్దీని దృష్టిలో పెట్టుకుని పెట్టినవి. ఉదాహరణకు జావాలో వాడే రెజిలియెన్స్‌4జే కనీసం 100 పిలుపులు చూసేదాకా శాతం లెక్కే కట్టదు. మా నాలుగు వర్కర్లు, ముప్పై సెకన్ల గడువుతో ఆ వంద పూర్తి కావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, ఈలోగా వందమంది రైతుల చెల్లింపులు ఏమయ్యాయో తెలియని స్థితిలో పడతాయి. మేము నలుగురు వర్కర్లకూ కలిపి వరుసగా ఐదు వైఫల్యాలు అని పెట్టుకున్నాం. నెమ్మదిగా జరిగే, ఒక్కొక్కటీ విలువైన పనికి చిన్న సంఖ్యే సరైనది.

అంతకంటే ముఖ్యమైనది ఏది వైఫల్యం అన్న ప్రశ్న. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక, ANDB తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు తరువాతి కాలంలో చెల్లకుండా పోయాయి. పర్లాకిమిడి వైపు పల్లెల్లో ఆ ఖాతాలు ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మా వ్యాపారుల పాత రిజిస్టర్లలో ఆ కోడ్‌లు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకే ఊరి రైతులు ఒకే బండిలో వస్తారు కాబట్టి వారి పేర్లు జాబితాలో పక్కపక్కనే పడతాయి. అలా ఐదుగురి కోడ్‌లు వరుసగా తిరస్కరణకు గురైతే, ఎలాంటి లోపమూ లేని సర్వీసు మీద మా బ్రేకర్ తెగేది. కాబట్టి 400, 422 వంటి జవాబులను బ్రేకర్ లెక్కలోకి తీసుకోకూడదు, ఆ చెల్లింపును పక్కన పెట్టి గుమాస్తాకు చూపాలి. గడువు దాటడం, కనెక్షన్ కుదరకపోవడం, 500, 502, 503 లెక్కలోకి వస్తాయి. 429 లేదా 503 జవాబుతో `Retry-After` వస్తే, వాళ్ళు చెప్పిన సమయం దాకా బ్రేకర్‌ను తెరిచే ఉంచాలి. 401 వస్తే ఒక్కసారికే ఆపి మనిషిని పిలవాలి, తాళంచెవి గడువు తీరితే ఎంతసేపు ఆగినా అది దానంతటది బాగుపడదు.

ఆపడం ఇంతవరకే. మళ్ళీ మొదలుపెట్టడమే కష్టమైన భాగం, రెండుసార్లు డబ్బు పడేది ఆగినప్పుడు కాదు, కదిలినప్పుడు. గడువు దాటిన పిలుపుకు «విఫలం» అన్న పేరు పెట్టకూడదు. కనెక్షనే కుదరకపోతే మన అభ్యర్థన అవతలికి చేరలేదని నిశ్చయంగా చెప్పవచ్చు, దాన్ని తిరిగి `ready` చేయవచ్చు. అభ్యర్థన వెళ్ళి జవాబు రాకపోతే మాత్రం ఏం జరిగిందో మనకు తెలియదు, అందుకు `unknown` అనే వేరే స్థితి కావాలి. పని మధ్యలో వర్కర్ చనిపోతే `sending` లో మిగిలిపోయే వరుసలు కూడా `unknown` లోకే పోవాలి గానీ `ready` లోకి రాకూడదు. రెఫరెన్సు నంబరును పిలుపుకు ముందే పుట్టించి డేటాబేసులో రాసి ఉంచాలి, ఆ చెల్లింపు ఎన్నిసార్లు వెళ్ళినా అదే నంబరుతో వెళ్ళాలి. అవతలి సర్వీసు ఆ నంబరును గుర్తుపట్టి రెండోసారి డబ్బు పంపకుండా పాత జవాబునే ఇస్తుందా, ఆ నంబరును ఎంతకాలం గుర్తు పెట్టుకుంటుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు వారి పత్రాల్లో చూసి తెలుసుకోవాలి. ఆ కాలం 24 గంటలైతే, అంతకంటే పాతబడిన `unknown` చెల్లింపును జాబు తనంతట తాను పంపకూడదు, మనిషి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి తేల్చాలి. తుపాను వచ్చి రెండు రోజులు అంతా ఆగిపోయే మా ప్రాంతంలో ఇది ఊహకు అందని సందర్భం కాదు.

పరీక్ష పిలుపును ఒకే వర్కర్ చేయాలి. అందుకు ఈ ప్రశ్న చాలు:

```sql
UPDATE breaker SET state = 'half_open', probe_at = now()
WHERE service = 'transfer'
  AND ((state = 'open' AND retry_at <= now())
    OR (state = 'half_open'
        AND probe_at < now() - interval '2 minutes'))
RETURNING service;
```

నలుగురు ఒకేసారి అడిగినా వరుస ఒక్కరికే దొరుకుతుంది. రెండు నిమిషాల షరతు ఎందుకంటే, పరీక్ష చేస్తున్న వర్కర్ మధ్యలో చనిపోతే బ్రేకర్ శాశ్వతంగా సగం తెరుచుకుని ఉండిపోతుంది. మొదటి రూపంలో మేము ఆ షరతు పెట్టలేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం దాకా జాబు అలాగే నిలబడిపోయింది.

పరీక్షగా దేన్ని పంపాలి? అవతలి సర్వీసు ఇచ్చే ఆరోగ్య తనిఖీ చిరునామాను నమ్మవద్దని నా సలహా. వాళ్ళ వెబ్ సర్వరు బాగుండి, దాని వెనక బ్యాంకు లంకె తెగి ఉన్న రోజున కూడా అది 200 అనే చెబుతుంది. మేము మొదట ఒక `unknown` చెల్లింపు స్థితిని దాని రెఫరెన్సు నంబరుతో అడుగుతాం. జవాబు వస్తే సర్వీసు పలుకుతోందని తెలుస్తుంది, ఒక రైతు లెక్క కూడా తేలుతుంది. ఆ తరువాత `ready` నుంచి ఒక నిజమైన చెల్లింపును పంపుతాం, అది పూర్తయితేనే బ్రేకర్‌ను మూస్తాం. పరీక్ష విఫలమైతే విరామాన్ని ఒక నిమిషం నుంచి రెండు, నాలుగు అంటూ పదిహేను నిమిషాల దాకా పెంచుతాం. స్థితి అడిగినప్పుడు «అలాంటిది లేదు» అన్న జవాబు వస్తే, వెంటనే నమ్మకూడదు. ఆలస్యంగా చేరే అభ్యర్థన ఇంకా వాళ్ళ వరుసలో ఉండవచ్చు. అరగంట ఆగి మళ్ళీ అడిగి, అప్పుడు కూడా లేదంటే, అదే నంబరుతో పంపుతాం. నెఫ్ట్ బదిలీలు అరగంటకొక విడతగా పరిష్కారమవుతాయి కాబట్టి «అందింది» అన్న జవాబును «ఖాతాలో పడింది» అని చదువుకోకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బ్రేకర్ మూసుకున్నాక నలుగురు వర్కర్లనూ ఒక్కసారిగా వదలడం కూడా తప్పే. తుపాను తరువాత కరెంటు ఇచ్చే లైన్‌మెన్ ఊరంతటికీ ఒకేసారి ఇవ్వడు, ఒక్కొక్క ఫీడరు వేసి, నిలబడిందని చూసి, తరువాతది వేస్తాడు. అవతలి సర్వీసు లేచిన నిమిషంలోనే దాని ఖాతాదారులందరూ తమ పేరుకున్న పనులతో మీద పడతారు. మేము మొదటి ఇరవై చెల్లింపులను ఒకే వర్కర్‌తో, తరువాతి నలభైని ఇద్దరితో పంపి, ఆపైన నలుగురినీ వదులుతాం. ప్రతి చెల్లింపునూ పంపే ముందు అది ఇంకా పంపవలసినదేనా అని మళ్ళీ చూస్తాం, ఎందుకంటే జాబు ఆగిన గంటల్లో వ్యాపారి కొందరికి చేతికే నగదు ఇచ్చి ఉండవచ్చు.

ఇక ఎంపిక. అంతరాయాలు నిమిషం లోపే ఉండి, పని రెండుసార్లు జరిగినా నష్టం లేకపోతే మొదటి పద్ధతితో ఆగండి, ధరల పట్టిక తెచ్చుకునే మా పగటి జాబుకు ఇప్పటికీ అదే ఉంది. జవాబు కోసం మనిషి ఎదురుచూసే చోట రెండోది సరైనది. ఒక్క ప్రాసెసే ఉన్నా సరే, జాబులకు దాన్ని ఒంటరిగా వాడవద్దని గట్టిగా చెబుతాను. ఇప్పటికే బ్రోకర్ ఉండి, ఒక వరుస ఒకే సర్వీసుకు వెళుతూ, రద్దీ ఎక్కువగా ఉంటే మూడోది. పనులు డేటాబేసులోనే ఉండి, ప్రతిదీ డబ్బుతోనో సరుకుతోనో ముడిపడి ఉంటే నాలుగోది. ఒకే జాబు రెండు మూడు బ్యాంకు సర్వీసులకు పంపుతుంటే ఒక్కొక్క సర్వీసుకూ వేరే బ్రేకర్ వరుస ఉండాలి, లేకపోతే ఒకటి పడిపోయిన రోజున బాగున్నవి కూడా ఆగిపోతాయి.

ఏది ఎంచుకున్నా, అది పనిచేస్తోందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది. టెస్ట్ సర్వరులో రెండు వందల చెల్లింపులు పెట్టి, అవతలి సర్వీసు స్థానంలో ఒక నకిలీని నడిపి, యాభై పూర్తయ్యాక అది అభ్యర్థనను నమోదు చేసుకుని జవాబు మాత్రం ఇవ్వకుండా చేయండి. కనెక్షన్ తెంచేస్తే చాలదు, అది సులువైన వైఫల్యం. అరగంట తరువాత `ready` లెక్క చూడండి. మా ఏర్పాటులో అప్పటికి `unknown` ఎనిమిది, `ready` నూట నలభై రెండు ఉండాలి. ఐదు వైఫల్యాలకు బ్రేకర్ తెగుతుంది, ఆ క్షణానికి మిగతా ముగ్గురి చేతుల్లో ఉన్న పిలుపులు కూడా గడువు దాటుతాయి. స్థితి అడిగే పిలుపుకూ జవాబు రాదు కాబట్టి పరీక్షలు ఆ లెక్కను పెంచవు. తరువాత నకిలీని బాగు చేసి, మధ్యలో ఒక వర్కర్‌ను చంపి, అంతా పూర్తయ్యాక నకిలీ సర్వీసు పుస్తకంలో ఒక్కొక్క రెఫరెన్సు ఎన్నిసార్లు డబ్బు పంపిందో లెక్కపెట్టండి. రెండు వందల నంబర్లు, ప్రతిదానికీ ఒక్కటే చెల్లింపు రావాలి. మేము ఫిబ్రవరి చివర, పిక్కలు రాలడం మొదలయ్యేలోపు, ఈ పరీక్షను మూడు రాత్రులు వరుసగా నడిపి, మూడుసార్లూ ఆ లెక్క సరిపోయాకే అసలు సర్వరులో జాబును ఆన్ చేస్తాం.